పంపకాల్లో ఇంటికి ధర కట్టేదెలా?

తండ్రిగారి సంవత్సరీకం అయిపోయింది. అన్నదమ్ములు కాగితాలు ముందు వేసుకుని కూర్చున్నారు. "నీకు కాలనీలో స్థలం ఇస్తున్నాం, పైన కాస్త డబ్బు కూడా ఇస్తాం, సంతకం పెట్టమ్మా" అంటున్నారు. అన్నయ్యల మాట తీసేయలేరు, నిజమే. కానీ ఆ "కాస్త" ఎంతో లెక్క చూసుకున్నాకే కలం పట్టుకోండి.

వీలునామా రాయకుండా పోయిన హిందూ తండ్రి స్వార్జితంలో, పెళ్ళయినా కాకపోయినా కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. తల్లి ఉంటే ఆవిడకీ ఒక వాటా. అసలు చిక్కు వాటా దగ్గర కాదు, ధర కట్టడం దగ్గరే వస్తుంది.

ఒక ఇంటి లెక్క చూద్దాం. తల్లీ తండ్రీ ఇద్దరూ లేరు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. బజారు ధర ప్రకారం ఇల్లు 60 లక్షలు, రెండెకరాల పొలం 48, ఇళ్ళ స్థలం 12. మొత్తం 120 లక్షలు, తలా 40. ఇల్లు తీసుకున్న పెద్దాయన 20 లక్షలు, పొలం తీసుకున్న చిన్నాయన 8 లక్షలు చెల్లికివ్వాలి. స్థలంతో పాటు ఆమెకి 28 లక్షలు రావాలన్నమాట.

అదే ఆస్తికి రిజిస్ట్రారు ఆఫీసులో ఉండే గవర్నమెంటు విలువ వేశారనుకోండి. ఇల్లు 30, పొలం 10, స్థలం 8. మొత్తం 48, తలా 16. ఇప్పుడు చెల్లికి స్థలం పైన వచ్చేది 8 లక్షలే! లెక్కలో తప్పేం లేదు, కొలిచిన గజంబద్దే పొట్టిది. ఆ విలువ స్టాంపు డ్యూటీ కోసం పెట్టింది, అమ్మకం ధర కాదు.

అందుకని అన్ని ఆస్తులకీ ఒకే తేదీన, బజారు ధరే కట్టించండి. ఎవరి తరఫూ కాని వాల్యూయర్ చేత కట్టిస్తే మంచిది. ఆయన ఇంటికి స్థలం ఖరీదు విడిగా, కట్టడం ఖరీదు పాతబడినందుకు తరుగు తీసి విడిగా వేస్తాడు. చుట్టుపక్కల ఈమధ్య ఎంతకి అమ్మారో మీరూ వాకబు చెయ్యండి. దస్తావేజుల్లో చాలాసార్లు తక్కువే రాస్తారు కనుక వాటినొక్కటే నమ్మకండి. తండ్రిగారి అప్పులేమైనా ఉంటే పంచే ముందే తీసేయాలి.

ధర సరైనదో కాదో తేల్చే చిట్కా ఒకటుంది. "ఇల్లు 30 లక్షలే అంటున్నావుగా అన్నయ్యా, ఆ లెక్కనే నేను తీసుకుని నీకు డబ్బిస్తాను, సరేనా?" అని అడగండి. ఆయన తటపటాయిస్తే ధర తక్కువ కట్టినట్టే.

ఇక డబ్బు సంగతి. భాగపరిష్కార దస్తావేజులో ఎవరు, ఎంత, ఏ తేదీలోగా ఇవ్వాలో రాయించండి. రిజిస్ట్రేషన్ రోజే డీడీ చేతికొస్తే మేలు. వాయిదాలంటే, బాకీ తీరేదాకా ఆ ఇంటి మీద మీకు ఛార్జి ఉంటుందని అందులోనే రాయించాలి. అప్పుడు బాకీ ఉండగా ఇల్లు అమ్మడం అంత తేలిక కాదు. డబ్బు చేతికి రాకుండా "ముట్టింది" అని రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.