మిర్చి కోల్డ్ స్టోరేజీ కేసు: తెలియని వ్యాపారాన్ని ముక్కలు చేయడం ఎలా?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు: "ఫ్రేమ్‌వర్క్‌లు అన్నీ చదివాం, కానీ ఎప్పుడూ వినని వ్యాపారం ఇస్తే బుర్ర ఆగిపోతోంది, ఏం చేయాలి?" అని. అందుకే ఈరోజు ఒక్క కేసే తీసుకుందాం, మొదటి నుంచి చివరిదాకా.

మా బాబాయిగారి అమ్మాయికి వచ్చే గురువారం కన్సల్టింగ్ ఇంటర్వ్యూ ఉంది. పోయినసారి ఒక కంపెనీలో మొదటి రౌండ్‌లోనే పోయింది. ఆదివారం కూర్చోబెట్టి ఒక మాక్ చేశాను. కేసు ఇదీ: గుంటూరు దగ్గర మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీ. పోయిన ఏడాది లాభం 80 లక్షలు, ఈ ఏడాది 20 లక్షలు. ఎందుకు పడింది, ఏం చేయాలి? అంకెలన్నీ నేను కేసు కోసం అనుకున్నవే, నిజమైన వ్యాపారానివి కావు.

తను వెంటనే రాయడం మొదలుపెట్టింది. కస్టమర్లు, పోటీదారులు, ప్రోడక్ట్, కంపెనీ అని నాలుగు పెట్టెలు. "ఆగు," అన్నాను. "ఈ నాలుగు పెట్టెలూ చెప్పుల షాపుకీ సరిపోతాయి, ఆస్పత్రికీ సరిపోతాయి. ఇందులో కోల్డ్ స్టోరేజీ ఎక్కడుంది?" పోయినసారి తను పోయింది కూడా ఇక్కడేనట. నాకూ మొదటి ఇంటర్వ్యూలో అదే జరిగింది లెండి.

తెలియని వ్యాపారం వస్తే ముందు చేయాల్సింది ఫ్రేమ్‌వర్క్ గీయడం కాదు. ఈ వ్యాపారంలో డబ్బు ఎవరి జేబులోంచి, దేనికి, ఎప్పుడు వస్తుందో అడగాలి. అలా అడిగితే మార్కులు తగ్గుతాయేమోనని భయపడతారు. ఏం తగ్గవు. తను అడిగింది, నేను చెప్పాను: వేసవిలోపు పంట దిగుతుంది, ధర నచ్చని రైతులు, కొని పెట్టుకునే వ్యాపారులు బస్తాలు తెచ్చి పెడతారు, సీజన్‌కి బస్తాకి ఇంత అని అద్దె. హమాలీ ఖర్చు సరుకువాళ్లదే. లోపల నాలుగు గదులు, ఒక్కోదానిలో 25 వేల బస్తాలు పడతాయి.

ఇప్పుడు చూడండి, చెట్టు దానంతటదే వచ్చేసింది. ఆదాయం అంటే బస్తాలు ఇంటూ అద్దె. ఖర్చు అంటే కరెంటు, జీతాలు, అప్పు మీద వడ్డీ. ఒకదానిలోది ఇంకోదానిలో పడకూడదు, ఏదీ బయట మిగలకూడదు. ఇంగ్లిషులో దీన్నే మీసీ అంటారు. మెకిన్సీలో పనిచేసిన బార్బరా మింటో పెట్టిన పేరు అది. పేరు గుర్తు లేకపోయినా పర్లేదు, "ఇంకేమైనా మిగిలిందా?" అని మీకు మీరే అడిగితే చాలు.

ఒక చిన్న మాట. కాగితం మీద గీసేటప్పుడు ఒక నిమిషం టైమ్ అడిగి తీసుకోండి. తర్వాత కాగితం అవతలివాళ్ల వైపు తిప్పి చూపించండి.

చెట్టు గీశాక అన్ని కొమ్మలూ ఎక్కక్కర్లేదు. తను అడిగిన మొదటి ప్రశ్న నాకు నచ్చింది: "60 లక్షలు తగ్గాయి కదా అన్నయ్యా, అందులో ఆదాయం వల్ల ఎంత, ఖర్చు వల్ల ఎంత?" ఆదాయం 2 కోట్ల నుంచి కోటిన్నరకి పడింది. ఖర్చు కోటీ 20 నుంచి కోటీ 30 లక్షలకి పెరిగింది. అంటే 50 లక్షలు ఆదాయం వైపే. అటు వెళ్లాలి. అద్దె మారలేదు, బస్తాకి 200 రూపాయలే. బస్తాలు లక్ష నుంచి 75 వేలకి తగ్గాయి.

ఇక్కడ చాలామంది "మార్కెటింగ్ పెంచుదాం" అని దూకేస్తారు. ఒక్క ప్రశ్న తక్కువైంది: తగ్గింది అందరికీనా, మనకేనా? పంట బాగానే వచ్చింది, చుట్టుపక్కల స్టోరేజీలు నిండాయి. మనకే. సరే, ఎవరు తగ్గారు? రైతుల బస్తాలు 60 వేల నుంచి 58 వేలు, దాదాపు అంతే. వ్యాపారుల బస్తాలు 40 వేల నుంచి 17 వేలు! యార్డుకి దగ్గర్లో కొత్త స్టోరేజీ వచ్చింది, అక్కడ అద్దె 180.

తను వెంటనే "మనమూ 180 చేద్దాం" అంది. లెక్క వేయమన్నాను. ఉన్న 75 వేల బస్తాల మీద 20 రూపాయల చొప్పున 15 లక్షలు పోతాయి. అవి తిరిగి రావాలంటే 180 చొప్పున 8,300 పైచిలుకు బస్తాలు రావాలి. వెళ్లిపోయిన 23 వేలలో మూడో వంతుకి పైనే. అదే వ్యాపారులకి మాత్రమే తగ్గిస్తే పోయేది 3.4 లక్షలు, 1,900 బస్తాలు వస్తే పూడిపోతుంది. కాకపోతే రైతులకి తెలిస్తే ఊరుకుంటారా అన్నది వేరే సంగతి, అది చెప్పి తీరాలి.

నిజానికి ఇక్కడితో ఆపినా పాసే. కానీ తను ఖర్చు కొమ్మని అసలు ముట్టుకోలేదు. కరెంటు 60 నుంచి 70 లక్షలకి ఎందుకు పెరిగిందని అడిగించాను. యూనిట్ రేటు పెరిగింది, యూనిట్లు మాత్రం అంతే. ఒక్క నిమిషం ఆగండి. సరుకు పావు వంతు తగ్గింది, యూనిట్లు అంతే కాలాయి. ఎందుకు? ఎందుకంటే వచ్చిన బస్తాలు వచ్చినట్టు నాలుగు గదుల్లోనూ సర్దారు. గది సగం నిండినా చల్లబరచాల్సింది గదినే. 75 వేలంటే సరిగ్గా మూడు గదుల సరుకు! మొదటి నుంచే మూడింటిలో సర్ది నాలుగోది ఆపేస్తే, కరెంటులో పావు వంతు అనుకుంటే, 17.5 లక్షలు మిగులుతాయి. మెషీన్లు గదులన్నిటికీ ఉమ్మడిగా ఉంటే అంత మిగలకపోవచ్చు, అదీ అడగాలి.

ఇప్పుడు మళ్లీ వ్యాపారుల దగ్గరికి రండి. వాళ్లు వస్తే నాలుగో గది తెరవాలి కదా? అప్పుడు 1,900 బస్తాల లెక్క చెల్లదు. గది కరెంటు 17.5, తగ్గించిన అద్దె 3.4, కలిపి దాదాపు 21 లక్షలు. 180 తో భాగిస్తే 11,600 బస్తాలు. వెళ్లిపోయినవాళ్లలో సగం మంది తిరిగి రావాలి. రెండు కొమ్మలనీ విడివిడిగా చూసి వదిలేస్తే ఈ సంగతి కనపడదు.

తను చివర్లో చెప్పిన జవాబు ఇది: "వచ్చే సీజన్ మూడు గదులతో మొదలుపెట్టాలి, దాంతో లాభం 20 నుంచి 37 లక్షల దాకా వస్తుంది. వ్యాపారులకి 180 ఇస్తామని చెప్పి, 12 వేల బస్తాలకి ముందే అడ్వాన్సు కడితేనే నాలుగోది తెరవాలి. రైతులు అద్దె గురించి అడగొచ్చు, అది రిస్క్." మూడు వాక్యాలు, జవాబు ముందు, కారణం తర్వాత. మొత్తం 28 నిమిషాలు పట్టింది.

ఒక తేడా గమనించండి. మెకిన్సీలో ఎక్కువగా ఇంటర్వ్యూ చేసేవాళ్లే ఒక్కో ప్రశ్న అడుగుతూ నడిపిస్తారు. బీసీజీ, బెయిన్‌లలో చాలావరకు మీరే నడపాలి, ఖర్చు కొమ్మ మర్చిపోతే ఎవరూ గుర్తు చేయకపోవచ్చు. తనకి గురువారం జరగబోయేది ఆ రెండో రకమే. అందుకే బుధవారం రాత్రి ఇంకో కేసు చేస్తాం, ఈసారి నేను నోరు మెదపను. అది ఎలా జరిగిందో వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.