అవతలి గొంతు వణుకుతున్నప్పుడు మొదటి మాట

హెల్ప్‌లైన్‌లో ఫోన్ ఎత్తగానే అవతల ఏడుపు వినిపిస్తుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు వినిపించేది ఏడుపు కాదు. ఫ్యాను చప్పుడు, రోడ్డు మీద బండ్ల రొద, గట్టిగా తీసుకుంటున్న ఊపిరి మాత్రమే వినిపిస్తాయి. ఫోన్ చేసిన మనిషి నంబరు నొక్కడానికే ఉన్న ధైర్యమంతా వాడేశాడు, ఇక మాట పెగలడం లేదు. ఆ మొదటి నిమిషంలో వలంటీరు ఏమంటాడన్న దాన్నిబట్టే అవతలి మనిషి లైన్లో ఉంటాడో, పెట్టేస్తాడో చాలావరకు తేలిపోతుంది.

ఈ పని చేయాల్సింది డాక్టర్లే కాదు, మామూలు మనుషులు కూడా చేయగలరని లోకానికి తెలిసింది ఒక రకంగా అనుకోకుండానే. 1953 నవంబరులో లండన్‌లో చాద్ వరా అనే చర్చి మతాధికారి, చనిపోవాలనుకునేవాళ్లు తనకు ఫోన్ చేయొచ్చని ఒక నంబరు ప్రకటించాడు. ఫోన్లు వచ్చాయి, మనుషులూ వచ్చారు. ఆయన కోసం ఎదురుచూసేవాళ్లకు టీ ఇచ్చి, పక్కన కూర్చుని కబుర్లు వినడానికి కొందరు వలంటీర్లు చేరారు. కొన్ని నెలల్లోనే ఆయన ఒకటి గమనించాడు. వలంటీర్లతో మాట్లాడినవాళ్లలో చాలామందికి ఆ తర్వాత ఆయనను కలవాల్సిన అవసరమే కనిపించడం లేదు. దాంతో 1954 ఫిబ్రవరిలో ఫోన్ ఎత్తే పని వాళ్లకే అప్పగించేశాడు. సమారిటన్స్ సంస్థ అలా మొదలైంది. మన దేశంలో ఇదే బాటలో 1986లో చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ‘స్నేహ’ను ప్రారంభించారు. సికింద్రాబాద్‌లో ‘రోష్ని’ 1997 నుంచి తెలుగులోనూ ఫోన్లు వింటోంది.

మనవాళ్లకు ఈ పనిలో ఒక చిక్కుంది. ఎవరైనా బాధలో ఉంటే మనకు ఓదార్చే తొందర ఎక్కువ. ‘అయ్యో, ఊరుకోండి’, ‘ఏం కాదులే’, ‘ఇంత మాత్రానికేనా?’, ‘ధైర్యంగా ఉండాలి మరి’, ‘అమ్మానాన్నలు ఏమైపోతారో ఆలోచించారా?’. ఇవన్నీ మంచి మనసుతోనే వస్తాయి. కానీ వినేవాడి చెవికి ప్రతి ఒక్కటీ ఒక తలుపు మూసేస్తుంది. ఏం కాదంటే నీ బాధ పెద్దది కాదని, ధైర్యంగా ఉండమంటే నువ్వు పిరికివాడివని, అమ్మానాన్నల మాటెత్తితే నీది తప్పని అర్థమవుతుంది. ‘మీ బాధ నాకు అర్థమైంది’ అనడమూ అంతే. పేరైనా తెలియకముందే ఏం అర్థమైందని? అవతలివాడు పైకి అనకపోయినా లోపల అడిగేది అదే.

ఫోన్ ఎత్తేముందే సగం పని జరగాలి. మొదటి రింగుకే లాక్కుని ఎత్తనక్కర్లేదు. చేతిలో టీ కప్పు పక్కన పెట్టి, ఒక నిండు ఊపిరి వదిలి, రెండో రింగుకో మూడో రింగుకో ఎత్తితే గొంతు కుదురుగా ఉంటుంది. కంగారులో ఉన్న మనిషి మన మాటల కన్నా ముందు మన వేగాన్ని పట్టుకుంటాడు. మనం గబగబా మాట్లాడితే అతనూ వేగం పెంచుతాడు. ‘కంగారు పడకండి’ అని చెప్పి కంగారు తగ్గించిన వలంటీరు ఎక్కడా లేడు. గొంతు తగ్గించి, మాటకూ మాటకూ మధ్య చోటిస్తే అది దానంతటదే కొంత తగ్గుతుంది.

ఇక మొదటి వాక్యం. ‘నమస్కారం, హెల్ప్‌లైన్ అండి. చెప్పండి, వింటున్నాను.’ ఇంతకన్నా పొడుగు అక్కర్లేదు. ‘మీకు ఏ విధంగా సహాయపడగలను?’ అంటే బ్యాంకు కస్టమర్ కేర్ గుర్తొస్తుంది. పైగా తనకు ఏ సాయం కావాలో తేల్చి చెప్పే భారం అతని మీదే పడుతుంది. పేరు, ఊరు, వయసు ముందే అడిగితే పోలీసు స్టేషన్‌లా ఉంటుంది.

వలంటీర్ల శిక్షణలో ఒకరు ఫోన్ చేసినట్టు, ఒకరు ఎత్తినట్టు నటిస్తూ సాధన చేస్తారు. అలాంటి ఒక కాల్‌ను ఊహించుకుందాం. రాత్రి పదిన్నర. లోన్ యాప్‌ల వేధింపులో చిక్కుకున్న ఒక కుర్రాడు. వలంటీరు పైన చెప్పిన మాట అన్నాడు. జవాబు లేదు. కొత్త వలంటీరు ఇక్కడే ‘హలో, హలో, వినిపిస్తోందా?’ అని మొదలుపెడతాడు. చెయ్యి తిరిగినవాడు కాసేపు ఆగి, ‘తొందరేం లేదు. మీకు మాట్లాడాలనిపించినప్పుడే మాట్లాడండి. నేను లైన్లోనే ఉన్నాను’ అంటాడు. మళ్లీ ఆగుతాడు.

‘నా పరువు పోయింది సార్.’

సరిగ్గా ఇక్కడ నోరు జారుతుంది. లోన్ యాప్ అని పసిగట్టిన వలంటీరు ‘అయ్యో, దానికేముంది, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు చేయండి’ అంటాడు. సమాచారం నూటికి నూరుపాళ్లు నిజం. సమయం మాత్రం తప్పు. కుర్రాడు ‘సరే సార్’ అని పెట్టేస్తాడు. రికార్డులో అది సమాచారం ఇచ్చిన కాల్‌గా నమోదవుతుంది. అతను అసలెందుకు ఫోన్ చేశాడో ఎవరికీ తెలియదు.

దానికి బదులు అతని మాటనే తిరిగి అతనికి అందించాలి. ‘పరువు పోయిందనిపిస్తోంది... ఏం జరిగింది?’

‘ఏడు వేలు తీసుకున్న సార్. కట్టేసిన. ఇంకా కట్టాల్నంటున్నరు. నా ఫొటో ఖరాబు చేసి మా మామకు పంపిన్రు. చెల్లెకు సంబంధాలు చూస్తున్నరు ఇప్పుడే...’

‘ఊఁ... మామయ్యకు పంపారని ఎప్పుడు తెలిసింది?’

‘ఇయ్యాల సాయంత్రమే. అప్పటిసంది ఇంటికి పోలే.’

ఇక్కడ రెండు సంగతులు చూడండి. వలంటీరు ‘ఎందుకు’ అనలేదు. ‘ఎందుకు తీసుకున్నారు అలాంటి యాప్‌లో?’ అంటే అతను సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ‘ఏం జరిగింది’, ‘ఎప్పుడు’ అన్నవి మాత్రం కథను ముందుకు కదిలిస్తాయి. రెండోది, ఆ ‘ఊఁ’. కథ చెప్పేటప్పుడు పిల్లలు ఊఁ కొట్టకపోతే అమ్మమ్మ ఆపేసేది. ఫోన్‌లో మొహం కనపడదు కాబట్టి ఊఁ కొట్టడం ఇంకా అవసరం. అది లేకపోతే లైన్ కట్టయిందేమోనని, లేదా ఎదుటివాడు విసుగ్గా ఉన్నాడేమోనని అనుమానం వస్తుంది.

కుర్రాడు ‘ఇగ నేనుండి లాభం లేదు సార్’ అన్నాడు. దాటవేయాలని ఎవరికైనా అనిపించే చోటు ఇదే. చావు మాట మన నోటితో ఎలా అంటాం? అంటే లేని ఆలోచన పుట్టించినవాళ్లమవుతామేమో అని భయం. కానీ అలా జరగదు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో రెండు వేల మందికి పైగా విద్యార్థులతో చేసి 2005లో ప్రచురించిన పరిశీలనలో, ఆత్మహత్య గురించి అడిగినందువల్ల పిల్లల్లో బాధ గానీ, ఆ ఆలోచన గానీ పెరగలేదని తేలింది. అలాగని అడగడం సులువేం కాదు. 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం బ్రయాన్ మిషారా బృందం అమెరికాలో 14 హెల్ప్‌లైన్ కేంద్రాల కాల్స్‌ను విని చూస్తే, చాలా కాల్స్‌లో శిక్షణ పొందినవాళ్లు కూడా ఆ ప్రశ్న వేయనే లేదు.

అడగాల్సింది చుట్టూ తిప్పకుండా, మామూలు గొంతుతో. ‘లాభం లేదంటున్నారు. చనిపోవాలని అనిపిస్తోందా?’ ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడిగితే లేవనే చెబుతాడు. జవాబు మనమే అందించాం మరి.

‘...ఆఁ.’

‘నాతో చెప్పారు, మంచి పని చేశారు. ఇది పైకి చెప్పడం తేలిక కాదు. ఇప్పుడు ఎక్కడున్నారు?’

‘బస్టాండ్ల కూసున్న.’

‘మీకు మీరు హాని చేసుకునేలాంటిదేమైనా దగ్గర పెట్టుకున్నారా?’

‘లే సార్.’

ఇక ఇక్కడి నుంచి ఈ రాత్రి ఎవరి దగ్గర గడపగలడో, ఇంట్లో ఎవరికి ముందు చెప్పగలడో మాట్లాడతారు. 1930 సంగతి అప్పుడొస్తుంది, అప్పుడు చెవికీ ఎక్కుతుంది. ఒకవేళ జవాబు ‘ఉంది’ అని వచ్చి ఉంటే, దాన్ని దూరంగా పెట్టేదాకా, ఒక మనిషి దగ్గరికి చేరేదాకా లైను వదలకూడదు. అవసరమైతే పక్కనున్న సహచరుడు 112కి ఫోన్ చేయాలి.

వరసలు కలిపే విషయంలోనూ జాగ్రత్త కావాలి. ‘బాబూ’, ‘తల్లీ’, ‘నాన్నా’ అనడం మన నోటికి అలవాటు, పల్లెల నుంచి చేసేవాళ్లకు అవి ఊరటగానూ ఉండొచ్చు. కానీ అలా అనగానే మనం పెద్దరికం తెచ్చుకుంటాం, పెద్దరికంతో పాటు నీతులూ వస్తాయి. పైగా ఆ పిల్ల తండ్రికి భయపడే ఫోన్ చేసి ఉంటే ‘నాన్నా’ అన్న పిలుపు ఎలా ఉంటుంది? మొదట ‘మీరు’తోనే మొదలుపెట్టి, రెండు మాటలయ్యాక ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని అడగడం మేలు. అసలు పేరే చెప్పాలని లేదు.

‘ఎవరికీ చెప్పరు కదా?’ అన్న ప్రశ్న తరచూ మొదట్లోనే వస్తుంది. ‘ఒట్టు, ఎవరికీ చెప్పను’ అనేయడం తేలిక, కానీ అది నిలబెట్టుకోలేని మాట. ‘మీ ప్రాణానికి ఇప్పటికిప్పుడు ముప్పు ఉందనిపిస్తే తప్ప ఇది మన మధ్యే ఉంటుంది’ అన్నదే నిజాయితీ. కొందరి భయం పోలీసు కేసు గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి తప్ప శిక్షించడానికి లేదు. ఇది తెలిసిన వలంటీరు తడబడకుండా ఒక్క వాక్యంలో చెప్పగలడు.

ఇంత చేసినా కొన్ని కాల్స్ మధ్యలోనే ఆగిపోతాయి. బ్యాలెన్స్ అయిపోతుంది, ఎవరో గదిలోకి వస్తారు, లేదా అతనే పెట్టేస్తాడు. ఏ మాట తప్పయిందో కొన్నిసార్లు ఎప్పటికీ తెలియదు. అందుకే మొదటి నిమిషంలోనే ‘మధ్యలో కట్టయితే మళ్లీ చేయండి, ఎవరో ఒకరు ఎత్తుతారు’ అని చెప్పి ఉంచడం మంచి అలవాటు.

ఇది చదివినవాళ్లందరూ వలంటీర్లు కాకపోవచ్చు. కానీ ఇంటర్ ఫలితాల రోజునో, ఏ అప్పులవాళ్లో ఇంటి మీదికి వచ్చిన రాత్రో అలాంటి ఫోను మీకే రావొచ్చు. సలహా కాసేపు ఆపి, ‘చెప్పు, వింటున్నా’ అనండి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మీ ఫోన్‌లో ఇప్పుడే సేవ్ చేసి పెట్టుకోండి.