పదకొండింటికి వచ్చే పనిమంతుడు

మాదాపూర్, గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో టీమ్ లీడ్‌గా పనిచేసిన ఎవరినడిగినా ఇలాంటి మనిషి గురించి చెబుతారు. ఎవరికీ అంతుపట్టని బగ్‌ను సాయంత్రంలోగా పట్టేస్తాడు. అతను రాసిన కోడ్‌లో తప్పు దొరకడం అరుదు. క్లయింటు అతని పేరు పెట్టి మరీ అడుగుతాడు. పదింటికి మొదలవ్వాల్సిన మీటింగుకు మాత్రం వారంలో మూడు నాలుగు రోజులు పదిన్నర దాటాకే వస్తాడు.

లీడ్‌కు ఇది రోజూ గుచ్చుకునే ముల్లు. గట్టిగా అంటే మంచి పనివాడు రాజీనామా ఇచ్చి పోతాడేమోనని భయం. ఊరుకుంటే, పదింటికల్లా సీట్లో ఉండే మిగతావాళ్లు ఏమనుకుంటారోనని బెంగ. చాలామంది ఈ రెంటికీ నడుమ నలిగిపోయి ఆరు నెలలు ఏమీ అనకుండా గడిపేస్తారు. చివరికి ఓ రోజు అందరి ముందూ విసుక్కుంటారు. అన్నిట్లోకీ చెడ్డ దారి అదే. ఆరు నెలల మౌనాన్ని అతను అంగీకారంగానే తీసుకుని ఉంటాడు, ఆ ఒక్క రోజు అవమానాన్ని మాత్రం మర్చిపోడు.

అతన్ని పిలిచి మాట్లాడేముందు లీడ్ చేయాల్సిన పని ఒకటుంది. రెండు వారాలపాటు కాగితం మీద మూడు సంగతులు రాసుకోవాలి: ఎన్నింటికి వచ్చాడు, ఆ సమయంలో అతని కోసం ఎవరు ఆగారు, దేనికోసం ఆగారు.

ఎనిమిది మంది ఉన్న ఒక టీమ్‌ను ఊహించుకుందాం. లీడ్ ఒక మహిళ. రోజూ పదింటికి అందరూ నిలబడి పావుగంట మాట్లాడుకునే స్టాండప్ మీటింగ్ ఉంటుంది. రెండు వారాల్లో, అంటే పది పనిదినాల్లో, అతను ఏడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. అందులో నాలుగు రోజులు అతను లేకుండానే మీటింగ్ అయిపోయింది, ఏ పనీ ఆగలేదు. మిగతా మూడు రోజుల్లో ఒక రోజు అతని కోసం ఏడుగురు ఇరవై నిమిషాలు ఎదురుచూశారు. అంటే మొత్తం నూట నలభై నిమిషాలు పోయినట్టే. ఇంకో రెండు రోజులు, ముందురాత్రి అతను మార్చిన కోడ్‌లో ఏం మారిందో తెలియక టెస్టింగ్ చూసే ఇద్దరు పదకొండు దాకా ఖాళీగా కూర్చున్నారు.

ఇప్పుడు సమస్య రూపం మారింది. అతని ఆలస్యంలో సగానికి పైగా ఎవరికీ నష్టం చేయలేదు. నష్టం జరిగిన చోట మాత్రం అది బాగా తగిలింది, తగిలింది కూడా లీడ్‌కు కాదు, టెస్టింగ్ వాళ్లకు. వాళ్ల పని సాయంత్రానికి జరిగిపోతుంది. అతను అందరి మెప్పూ పొంది ఇంటికెళ్లాక కూడా వాళ్లు ఆఫీసులోనే ఉంటారు. ‘అద్భుతంగా పనిచేస్తాడు’ అనే మాటలో ఈ లెక్క ఎక్కడా కనిపించదు.

ఈ కాగితం లీడ్ మనసులో ఉన్న వాలును కూడా సరిచేస్తుంది. కై చి యామ్, రయన్ ఫెర్, క్రిస్టఫర్ బార్న్స్ అనే పరిశోధకులు 2014లో ఈ విషయం మీదే ఒక అధ్యయనం ప్రచురించారు. వాళ్లు చేసిన ఒక ప్రయోగంలో ఒక ఉద్యోగి గురించి చదివి మార్కులు వేయమని కొందరిని అడిగారు. కొందరికి అతను ఉదయం ఏడు నుంచి మూడు దాకా పనిచేస్తాడని, మరికొందరికి పదకొండు నుంచి ఏడు దాకా పనిచేస్తాడని చెప్పారు. పనిగంటలు సమానమే అయినా పొద్దున్నే వచ్చే ఉద్యోగికి మంచి మార్కులు పడ్డాయి. ఆలస్యంగా మొదలుపెట్టేవాడికి శ్రద్ధ తక్కువని వాళ్లు అనుకున్నారు. రాత్రిళ్లు మేలుకుని పనిచేసే అలవాటున్న అధికారుల్లో ఈ పక్షపాతం అంతగా కనిపించలేదు. తెల్లవారుజామునే లేవడాన్ని మంచి నడవడికి గుర్తుగా భావించే ఇళ్లలో పెరిగినవాళ్లం మనం. కాబట్టి ఈ అధ్యయనాన్ని మనమూ కాస్త గట్టిగానే పట్టించుకోవాలి. నెలల తరబడి మనసులో పేరుకున్న చిరాకును నమ్ముకునే బదులు రెండు వారాల కాగితాన్ని నమ్ముకోవడం మేలు.

ఆ తర్వాతే మాట్లాడాలి. అతను ఆలస్యంగా వచ్చిన నిమిషంలో, అందరూ చూస్తుండగా అడగకూడదు. అదే రోజు మధ్యాహ్నం తలుపు మూసి ఉన్న గదిలో ఇద్దరే కూర్చోవాలి. ముందు పొగిడి తర్వాత మందలించడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. ‘మీ పని సూపర్, కానీ...’ అనగానే వినేవాడు ఆ ‘కానీ’ కోసమే కాచుక్కూర్చుంటాడు, పొగడ్త కాస్తా పనికిరాకుండా పోతుంది. విషయం నేరుగా చెప్పడమే మర్యాద: “సోమ, బుధవారాల్లో మీరు పదకొండింటికి వచ్చారు. రాత్రి మీరు మార్చిందేంటో తెలియక టెస్టింగ్‌లో ఇద్దరు గంటసేపు ఖాళీగా ఉన్నారు. పొద్దున అసలేం జరుగుతోంది? ఎప్పటి నుంచి ఇలా అవుతోంది?”

చివరి ప్రశ్న చాలా ముఖ్యం. చేరిన రోజు నుంచీ ఇలాగే వస్తున్నవాడి కథ వేరు, మూడు నెలలుగా మాత్రమే ఆలస్యమవుతున్నవాడి కథ వేరు. ఎప్పుడూ వేళకు వచ్చే మనిషి ఉన్నట్టుండి మారాడంటే ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఉండవచ్చు, అతనికే నిద్ర పట్టకపోతుండవచ్చు, లేదంటే వేరే ఉద్యోగం చూసుకుంటూ ఉండవచ్చు. అడిగాక లీడ్ ఆగాలి. జవాబు రాకముందే ‘ట్రాఫిక్కా?’ అని అందిస్తే అతను అవునంటాడు, సంగతి అక్కడితో ముగిసిపోతుంది.

హైదరాబాద్ టీముల్లో తరచూ బయటపడే కారణం ఇంకొకటుంది. మంచి పనివాడు కాబట్టే రాత్రి క్లయింటు కాల్స్‌కు అతన్నే కూర్చోబెడతారు. డాలస్‌లో ఉదయం పది గంటల కాల్ అంటే వేసవిలో మనకు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో అమెరికావాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పగానే అదే కాల్ రాత్రి తొమ్మిదిన్నరకు జరుగుతుంది. గంట కాల్, ఆ తర్వాత గంటన్నర పని, పన్నెండు దాటాక పడక. మార్చిలో వాళ్లు గడియారం మళ్లీ ముందుకు తిప్పేదాకా ఇదే వరస. ఈ ఆలస్యాన్ని తయారుచేసింది ఆఫీసే. మన ఊహలోని లీడ్ కాల్స్ పట్టిక ముందు పెట్టుకుని చూస్తే, రెండు వారాల్లో ఏడు రాత్రులు కాల్‌లో ఉన్నది అతనొక్కడేనని తేలవచ్చు. అప్పుడు మొదట మార్చాల్సింది ఆ పట్టికనే. కాల్స్ నలుగురికి పంచాలి.

పంచాక కూడా ఆలస్యం పూర్తిగా పోకపోవచ్చు. కొందరి ఒంటి గడియారం నిజంగానే వెనక నడుస్తుంది. ఇక్కడ దాదాపు అరవై ఏళ్ల నాటి ఒక జర్మన్ ఉపాయం ఇప్పటికీ పనికొస్తుంది. మ్యూనిక్ దగ్గర ఓటోబ్రున్‌లో, తర్వాతి రోజుల్లో మెసర్‌ష్మిట్-బోల్కో-బ్లోమ్‌గా పేరుపొందిన విమాన తయారీ సంస్థలో, వేలమంది ఒకే వేళకు గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్లు స్తంభించిపోయేవి. క్రిస్టెల్ కెమరర్ అనే ఆర్థికవేత్త ఆలోచనలను అనుసరించి 1967లో ఆ సంస్థ పనివేళల్ని సడలించింది. పగటిపూట కొన్ని గంటలు అందరూ తప్పక ఉండాలి. ఆ గంటలకు ముందూ వెనకా ఎవరి వీలు వారిది.

మన టీమ్‌కు దీన్ని ఇలా అన్వయించవచ్చు. స్టాండప్‌ను పదకొండుకు మార్చాలి. పదకొండు నుంచి నాలుగు దాకా ఎనిమిదిమందీ ఉండాలి. రాత్రి కోడ్ మార్చినవాళ్లు లాప్‌టాప్ మూసేముందు, ఏం మారింది, ఏది పరీక్షించాలి, ఏది ఇంకా సగంలో ఉంది అని నాలుగు వాక్యాలు రాసి టీమ్ గ్రూపులో పెట్టాలి. పదకొండుకు రాలేకపోతే పదిన్నరలోపే మెసేజ్ పెట్టాలి, ఎన్నింటికి వస్తారో అందులో చెప్పాలి. నాలుగు వారాలు ఇలా నడిపి చూడాలి. ఆ నాలుగు వాక్యాల విలువ చాలా ఎక్కువ. అవి ఉంటే అతను వచ్చేలోపే టెస్టింగ్ మొదలవుతుంది, ఆలస్యం వల్ల జరిగే నష్టంలో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది.

ఈ సడలింపు ఎనిమిదిమందికీ ఉండాలి. మామూలుగా పనిచేసే అమ్మాయి పాపను స్కూలు బస్సెక్కించి పదిన్నరకు వస్తే మొహం చిట్లించి, స్టార్ డెవలపర్ పదకొండుకు వస్తే నవ్వితే ఆ టీమ్‌లో న్యాయం లేనట్టే. అతను చెప్పుకున్న సొంత కారణాలను కూడా మిగతావాళ్లతో పంచుకోకూడదు. వాళ్లకు తెలియాల్సింది కొత్త నియమం, అంతే.

చాలా ఆఫీసుల్లో దీనికి చూపించే మందు జరిమానా. లేటుగా వచ్చినవాళ్లు అందరికీ సమోసాలు తెప్పించాలంటారు. సరదాగానే ఉంటుంది గానీ ఇది వికటించగలదు. ఊరి గనీజీ, ఆల్డో రస్టికీనీ అనే ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాలను గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లడానికి పది నిమిషాలకు మించి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరు కేంద్రాల్లో పది షెకెళ్ల జరిమానా పెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యారు. అంతకుముందు టీచరమ్మను నిలబెట్టామే అని మొహమాటపడినవాళ్లు ఇప్పుడు డబ్బు కట్టి నిశ్చింతగా రాసాగారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆ ఆలస్యం తగ్గలేదు. మంచి జీతం తీసుకునే ఇంజినీరుకు సమోసాల ఖర్చు ఒక లెక్క కాదు. అది చెల్లించాక అతనికి టెస్టింగ్ వాళ్లు గుర్తుకు కూడా రారు.

ఇదంతా పనికీ వేళకూ నడుమ కాస్త ఎడం ఉన్న ఉద్యోగాలకే వర్తిస్తుంది. ఐసీయూలో పొద్దున షిఫ్టు నర్సు నలభై నిమిషాలు ఆలస్యమైతే రాత్రంతా నిలబడిన నర్సు ఇంటికెళ్లలేదు. ఆర్టీసీ డ్రైవరు, బ్యాంకు క్యాషియరు, ఒకటో తరగతి టీచరు కూడా అంతే. అక్కడ వేళకు ఉండటం పనిలో భాగం కాబట్టి, ‘ఆలస్యంగా వచ్చినా పని బాగా చేస్తారు’ అన్న మాటకే అర్థం ఉండదు. పొద్దున షిఫ్టు కుదరని మంచి నర్సుకు మధ్యాహ్నం షిఫ్టు ఇచ్చి చూడవచ్చు. అంతకుమించి సడలించడానికి వీల్లేదు.

మళ్లీ మన టీమ్ దగ్గరికి వద్దాం. నాలుగు వారాలయ్యాక లీడ్ కాగితం మళ్లీ తీయాలి. అతను రెండుసార్లు పదకొండుంపావుకు వచ్చినా మెసేజ్ పెట్టి, రాత్రి నోట్ రాసి, ఎవరి పనీ ఆగకుండా చూసుకున్నాడంటే సమస్య తీరినట్టే. దాన్ని ఇంకా లాగడం లీడ్ పంతమే అవుతుంది. కాల్స్ పంచి, వేళ మార్చి, అతనే ఒప్పుకున్న పదకొండును కూడా నోట్ లేకుండా, మెసేజ్ లేకుండా తప్పుతున్నాడంటే మాత్రం ఇక వెనకాడకూడదు. 2025 దాకా అమల్లో ఉన్న 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద కేంద్రం రూపొందించిన నమూనాలోనే అలవాటుగా ఆలస్యంగా రావడాన్ని దుష్ప్రవర్తనల జాబితాలో చేర్చారు. కాబట్టి రాతపూర్వకంగా హెచ్చరించడం కక్షసాధింపు కాదు. ఆ లేఖలో తేదీలు, వచ్చిన సమయాలు, ఆ రోజు ఎవరి పని ఎంతసేపు ఆగిందన్న వివరాలు ఉండాలి. ‘తరచూ ఆలస్యంగా వస్తున్నారు’ అన్న ఒక్క వాక్యం రాసి సరిపెట్టకూడదు.