భీమిలి ఇసుక నుంచి కారు మోటారు దాకా

ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో రేర్ ఎర్త్ లోహాలు ఉంటాయని చాలామంది అనుకుంటారు. లిథియం-అయాన్ బ్యాటరీకి వాటి అవసరం లేదు. అక్కడ పని చేసేది లిథియం. లోహాలన్నిటిలో అదే తేలిక, ఎలక్ట్రాన్‌ను సులువుగా వదులుకుంటుంది కూడా. అందుకే తక్కువ బరువులో ఎక్కువ విద్యుత్తు నిల్వ ఉంటుంది. ఆ విద్యుత్తుతో చక్రాలను తిప్పే మోటారులో మాత్రం ఎక్కువగా నియోడిమియం అయస్కాంతాలే వాడతారు. బ్యాటరీ బండికి ఈ రెండూ కావాలి.

లిథియం చిలీలోని అటకామా ఎడారి అడుగున ఉప్పునీటిలోను, ఆస్ట్రేలియాలో స్పోడుమీన్ అనే రాతిలోను దొరుకుతుంది. ఉప్పునీటిని మడుల్లో ఏడాదికి పైగా ఎండబెట్టి, అందులోని మెగ్నీషియాన్ని వదిలించాలి. రాయినైతే వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చి, ఆమ్లంలో ఉడికించాలి. ఖర్చు, సమయం పట్టినా దారి తెలిసినదే.

నియోడిమియం కథ ఇంతకంటే చిక్కైనది. భీమునిపట్నం, శ్రీకాకుళం తీరాల నల్ల ఇసుకలో మోనజైట్ ఉంది. దేశంలో దాని నిల్వలు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. బరువు, అయస్కాంత గుణం, విద్యుత్తు ప్రవహించే తీరులోని తేడాలను బట్టి మోనజైట్ రేణువులను ఇసుక నుంచి వేరు చేస్తారు. ఆ గింజను కాస్టిక్ సోడాలో ఉడికిస్తే ఫాస్ఫేట్ విడిపోతుంది. మిగిలిన ముద్దను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొలతగా కరిగిస్తే రేర్ ఎర్త్‌లు ద్రావణంలోకి వస్తాయి, థోరియం అడుగున ఉండిపోతుంది. థోరియం రేడియోధార్మికమైనది కాబట్టి దాన్ని పారబోయడానికి లేదు, జాగ్రత్తగా దాచాలి. మోనజైట్ అణుశక్తి చట్టం పరిధిలో ఉండడానికి కారణం అదే.

అసలు కష్టం ఆ తరువాతే మొదలవుతుంది. ద్రావణంలో లాంథనం, సీరియం, ప్రాసియోడిమియం, నియోడిమియం, సమేరియం అన్నీ కలిసి ఉంటాయి. వీటి అణువుల పరిమాణాల్లో తేడా అతి స్వల్పం, రసాయన స్వభావమూ దాదాపు ఒకటే. 1885లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఔర్ వాన్ వెల్స్‌బాక్, ఒకే మూలకమని నమ్మిన పదార్థాన్ని పదేపదే స్ఫటికాలుగా మార్చి రెండుగా విడదీశాడు. ఒకదాని లవణాలు ఆకుపచ్చగా, మరొకదానివి ఊదాగా వచ్చాయి. అవే ప్రాసియోడిమియం, నియోడిమియం.

ఇప్పుడు ఆ పని ద్రావకాలతో చేస్తున్నారు. కిరోసిన్ వంటి నూనెలో కలిపిన రసాయనాన్ని ఆమ్ల ద్రావణంతో చిలికితే, నూనె ఒక మూలకాన్ని పక్కదానికంటే కాస్త ఎక్కువగా పట్టుకుంటుంది. ఒక్క తొట్టెలో వచ్చే తేడా చాలదు కనుక పదుల నుంచి వందల తొట్టెలను వరుసగా నడపాలి. ఎక్కడైనా ఆమ్లత తప్పితే తేడా తొట్టె నుంచి తొట్టెకు పాకుతుంది. నమూనాల్లో పక్క మూలకం శాతం పెరగడంతో అది బయటపడుతుంది. మళ్లీ సమతూకం కుదరడానికి రోజులు పడుతుంది. ప్రాసియోడిమియం వల్ల అయస్కాంతానికి నష్టం లేదు కాబట్టి, చాలా ఫ్యాక్టరీలు దాన్ని నియోడిమియంతో కలిపే ఉంచేస్తాయి. మిగతావాటిని మాత్రం విడదీయక తప్పదు.

అందువల్ల ఇసుక చేతిలో ఉన్నంత మాత్రాన అయస్కాంతం రాదని నా అభిప్రాయం. ప్రపంచ రేర్ ఎర్త్ శుద్ధిలో దాదాపు 90 శాతం చైనాలోనే జరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం కొన్ని రేర్ ఎర్త్‌ల, అయస్కాంతాల ఎగుమతికి అనుమతులు తప్పనిసరి చేయగానే పలు దేశాల కార్ల తయారీదారులకు అయస్కాంతాలు కరువయ్యాయి.