1-1 స్కోరు ధర ఎక్కడినుండి వస్తుంది? ఫుట్‌బాల్ పందాల వెనుక ఉన్న ఒకే లెక్క

హోసూరు సిప్కాట్‌లో పనిచేసే ఒక పాత విద్యార్థి ఇటీవల తన సెల్‌ఫోనులో ఒక పందెపు చీటీ చూపించాడు. టెలిగ్రామ్ గుంపులో ఎవరో పంపిన సలహా అది. ఒకే ఫుట్‌బాల్ మ్యాచ్‌పై రెండు పందాలు. మొదటిది ‘రెండు జట్లూ గోలు చేస్తాయి’ అన్నది, ధర 1.75. రెండవది ‘ఖచ్చితమైన స్కోరు 1-1’ అన్నది, ధర 7. ఒక్కొక్కదానిపై 500 రూపాయలు. "రెండవది తప్పినా మొదటిది కాపాడుతుంది గదా సార్" అని అతని ధీమా. ఆ ధీమాలో ఎంత నిజమున్నదో తెలియాలంటే ఈ రెండు ధరలు పుట్టే చోటికి వెళ్ళవలసి ఉంటుంది.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా నిషేధించింది. తమిళనాడు చట్టం అంతకు ముందే, 2023లోనే, గవర్నరు ఆమోదం పొందింది. అయినా విదేశీ యాప్‌ల చీటీలు సరిహద్దు ఈవలా ఆవలా తిరుగుతూనే ఉన్నవి. కనుక ఇక ఎవరూ పందెం కాయడానికి వీలులేని, ముగిసిపోయిన ఒక మ్యాచ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. అది 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డా మైదానంలో జరిగిన ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. ఆనాటి హైదరాబాద్ ఎఫ్‌సి, కేరళ బ్లాస్టర్స్ తలపడ్డాయి. నిర్ణీత సమయానికి స్కోరు 1-1. అదనపు సమయంలోనూ మార్పు లేదు. చివరకు పెనాల్టీలలో 3-1తో హైదరాబాద్ గెలిచింది. ఆ రోజు ఏ ధరలు నడిచాయన్నది మనకు ముఖ్యం కాదు. లెక్క కోసం హైదరాబాద్ సగటున 1.5 గోళ్ళు, కేరళ 1.2 గోళ్ళు చేయగలవని అనుకుందాం. ఇవి నేను ఊహించిన అంకెలే.

ముందుగా ధర అంటే ఏమిటో చూద్దాం. 1.75 ధర అంటే, గెలిస్తే పెట్టిన రూపాయితో కలిపి 1.75 రూపాయలు తిరిగి వస్తాయని అర్థం. ఒకటిని ధరతో భాగిస్తే ఆ ధర చెప్పే సంభావ్యత తెలుస్తుంది. 1.75కు అది సుమారు 57 శాతం. 7కు 14 శాతం కంటె కొంచెం ఎక్కువ.

ఇక గోళ్ళ సంగతి. తొంభై నిమిషాలలో గోలుకు అవకాశం ఎన్నోసార్లు వస్తుంది. ప్రతిసారీ అది ఫలించే వీలు బహు స్వల్పం. ఇటువంటి అరుదైన సంఘటనలను లెక్కించడానికి ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ పేరుతో ఒక సూత్రం ఉన్నది. ప్లస్ టూ వాణిజ్య గణిత పుస్తకంలో మన పిల్లలు చదివేదే అది. 1898లో బోర్ట్‌కేవిచ్ అనే శాస్త్రజ్ఞుడు ప్రష్యా సైన్యంలో గుర్రపు తన్నులకు చనిపోయిన సైనికుల సంఖ్యలకు దీనిని అన్వయించి చూపాడు. 1982లో మేహర్ అనే పరిశోధకుడు ఒక్కొక్క జట్టు దాడి బలాన్నీ, రక్షణ బలాన్నీ విడివిడిగా కొలిచి ఫుట్‌బాల్ స్కోర్లకు దీనిని అమర్చాడు. సగటు m అయితే సరిగ్గా k గోళ్ళు పడే సంభావ్యత ఇది:

```
P(k) = e^(-m) * m^k / k!
```

దీని ప్రకారం హైదరాబాద్ ఒక్క గోలూ చేయకపోవడానికి 22.3 శాతం, సరిగ్గా ఒకటి చేయడానికి 33.5 శాతం వీలున్నది. కేరళకు ఆ అంకెలు 30.1, 36.1. ఇప్పుడు నిలువు గడులలో హైదరాబాద్ గోళ్ళు, అడ్డు గడులలో కేరళ గోళ్ళు వేసి ఒక పట్టిక గీసుకోండి. రెండు జట్ల గోళ్ళు ఒకదానిపై మరొకటి ఆధారపడవని తాత్కాలికంగా ఒప్పుకుంటే, ప్రతి గడిలోనూ రెండు సంభావ్యతల గుణకారమే ఉంటుంది. 1-1 గడిలో 33.5ను 36.1తో గుణిస్తే 12.1 శాతం. దాని న్యాయమైన ధర 8.3. అలాగే 0-0కు 6.7 శాతం, ధర 14.9. హైదరాబాద్ 1-0తో గెలవడానికి 10.1 శాతం, ధర 9.9. కేరళ 1-0తో గెలవడానికి 8.1 శాతం, ధర 12.4.

‘రెండు జట్లూ గోలు చేస్తాయి’ అనే పందెం కొత్తదేమీ కాదు. ఈ పట్టికలో సున్నా ఉన్న నిలువు వరుసనూ అడ్డు వరుసనూ తీసివేస్తే మిగిలే గడుల మొత్తమే అది. గడులన్నీ కూడవలసిన పని కూడా లేదు. హైదరాబాద్ కనీసం ఒకటి చేయడానికి 77.7 శాతం, కేరళ కనీసం ఒకటి చేయడానికి 69.9 శాతం. రెండింటినీ గుణిస్తే 54.3 శాతం. న్యాయమైన ధర 1.84. అంటే పందెం నడిపేవాడు రెండు వేర్వేరు అంచనాలు వేయడం లేదు. ఒకే పట్టికలో ఒకచోట గడినీ మరొకచోట గడుల గుంపునూ అమ్ముతున్నాడు.

ఇప్పుడు ఆ చీటీని తిరిగి చూద్దాం. 1-1 గడి ‘రెండు జట్లూ’ అనే గుంపు లోపలే ఉన్నది. కనుక మొదటి పందెం పోతే రెండవది గెలిచే ప్రసక్తి లేదు. అది జరగడానికి 45.7 శాతం వీలు. వెయ్యి రూపాయలూ పోతాయి. రెండు జట్లూ గోలు చేసి, స్కోరు మాత్రం 2-1 అనో 2-2 అనో ముగియడానికి 42.2 శాతం వీలు. అప్పుడు చేతికి వచ్చేది 875 రూపాయలు. కాపాడుతుందనుకున్న పందెం గెలిచినా 125 రూపాయల నష్టమే! సరిగ్గా 1-1 అయిన 12.1 శాతం సందర్భాలలో మాత్రమే 4,375 వస్తాయి. మూడింటినీ తూచి చూస్తే వెయ్యికి సగటున సుమారు 900 తిరిగి వస్తాయి.

ఆ వంద ఎక్కడ పోయినట్లు? 1.84 ఇవ్వవలసిన చోట 1.75 ఇవ్వడంలో 500కు 25 రూపాయలు పోయినవి. 8.3 ఇవ్వవలసిన చోట 7 ఇవ్వడంలో 500కు 77 రూపాయలు పోయినవి. ఒకే పట్టిక, ఒకే మ్యాచ్, కాని ఖచ్చితమైన స్కోరు పందెంలో కోత మూడు రెట్లు. ఇందులో కిటుకు ఏమీ లేదు. ‘అవును’, ‘కాదు’ అని రెండే ధరలున్న పందెంలో ఎవరైనా రెండింటి విలోమాలను కూడి, ఒకటికి ఎంత మించిందో చూసి కోతను పట్టుకోగలరు. ఇరవై ముప్పై స్కోర్లున్న జాబితాలో అంత ఓపికగా కూడేవాడెవడు?

ఈ లంకెను పట్టుకోవడానికి తేలికైన మార్గం ఒకటి ఉన్నది. 0-0 ధరను హైదరాబాద్ 1-0 ధరతో భాగించండి. 14.9ని 9.9తో భాగిస్తే 1.5. అదే హైదరాబాద్ సగటు! 14.9ని 12.4తో భాగిస్తే 1.2. అది కేరళ సగటు. అంటే జాబితాలోని మూడు ధరల నుండి రెండు సగటులనూ రాబట్టి, వాటినుండి ‘రెండు జట్లూ’ ధరను మనమే కట్టవచ్చు.

ఇంకొక విశేషం. 0-0 ధర రెండు సగటుల మొత్తంపైననే ఆధారపడుతుంది. 1.5, 1.2లకు బదులు ఒక బలమైన జట్టుకు 2.2, బలహీనమైన జట్టుకు 0.5 అనుకోండి. మొత్తం అదే 2.7, కనుక 0-0 అదే 6.7 శాతం. కాని రెండు జట్లూ గోలు చేసే వీలు 54 నుండి 35 శాతానికి, 1-1 వీలు 12.1 నుండి 7.4కు పడిపోతాయి. "ఈ మ్యాచ్‌లో గోళ్ళు బాగా పడతాయి, కాబట్టి రెండు జట్లూ కొడతాయి" అనే మాట బెంగళూరు కంఠీరవ మైదానానికి వెళ్ళివచ్చే మన కుర్రవాళ్ళ నోట తరచుగా వినబడుతుంది. ఆ ‘కాబట్టి’ నిలువదు. మొత్తం ఎంత అన్నది ఒక ప్రశ్న, దానిని పంచుకున్నది ఎట్లా అన్నది వేరొక ప్రశ్న.

ఆట సాగుతుండగా కూడా ఈ పట్టికే పనిచేస్తుంది. సగటులు మిగిలిన నిమిషాలకు తగ్గుతాయి, అంతే. ఆ ఫైనల్‌లో 68వ నిమిషంలో కేరళ ఆటగాడు కె.పి. రాహుల్ గోలు చేశాడు. అప్పటినుండి ‘రెండు జట్లూ’ అన్న పందెం ‘హైదరాబాద్ ఇంకొక 22 నిమిషాలలో గోలు చేస్తుందా’ అన్న ప్రశ్నగా మారిపోయింది. 1.5లో 22 నిమిషాల వాటా 0.37, దానినిబట్టి వీలు 31 శాతం. సరిగ్గా 1-1తో ముగియడానికి 19 శాతం. 85వ నిమిషానికి మొదటి అంకె 8 శాతానికి దిగింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోలుతో అది ఒక్కసారిగా నూరు శాతమైంది. తరువాత గోలీ కట్టిమణి పెనాల్టీలను ఆపి కప్పు తెచ్చిపెట్టినా, ఈ రెండు పందాలకూ దానితో సంబంధం లేదు. సాధారణంగా ఇవి తొంభై నిమిషాలు, దానికి చేర్చే గాయాల సమయంతోనే తేలిపోతాయి. వెనుకబడిన జట్టు మరింత తెగించి ఆడుతుందన్న సంగతిని నా లెక్క పట్టించుకోలేదు. పందెం నడిపేవాడు దానినీ కలుపుకుంటాడు.

గోళ్ళు ఒకదానిపై ఒకటి ఆధారపడవని తాత్కాలికంగా ఒప్పుకున్నాం గదా, ఆ ఒప్పందమే ఈ పద్ధతిలోని బలహీనత. 1997లో డిక్సన్, కోల్స్ అనే ఇద్దరు ఇంగ్లండు మ్యాచ్‌ల స్కోర్లను పరీక్షించి, చిన్న స్కోర్ల వద్ద ఈ పట్టిక తప్పుతున్నదని గుర్తించారు. వారి సవరణ నాలుగు గడులనే తాకుతుంది. 0-0, 1-1 గడులు పెరుగుతాయి; రెండు 1-0 గడులూ తగ్గుతాయి. సవరణ అంకెను -0.05 అని తీసుకుంటే మన ఉదాహరణలో నాలుగు గడులలోనూ మార్పు ఒక్కటే, 0.6 శాతం. 0-0 వీలు 7.3కు, 1-1 వీలు 12.7కు పెరుగుతాయి. పట్టిక మొత్తం మారదు. ‘రెండు జట్లూ’ అన్నది 54.3 నుండి 54.9కి మాత్రమే కదులుతుంది.

కాని నేను పైన చెప్పిన భాగహారపు మార్గం మాత్రం ఇక్కడ దెబ్బతింటుంది. సవరించిన 0-0 ధర 13.7, హైదరాబాద్ 1-0 ధర 10.6. భాగిస్తే వచ్చేది 1.5 కాదు, 1.29. దానిని నమ్మి లెక్క కట్టేవాడు ధరలో తప్పు దొరికిందని సంబరపడతాడు. దొరికింది సవరణే. పైగా నిజమైన జాబితాలో ఒక్కొక్క స్కోరుకు కోత ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఎక్కువ ధర పలికే స్కోర్లపై అది సాధారణంగా మరింత బరువు. కాబట్టి మూడు ధరలతో తృప్తిపడక, జాబితాలోని స్కోర్లన్నిటి విలోమాలనూ కూడి, ఆ మొత్తంతో ఒక్కొక్కదానినీ భాగించిన తరువాతనే ‘రెండు జట్లూ’ ధరతో పోల్చి చూడాలి. ఆ విద్యార్థి చేత ఒక ఆదివారం మధ్యాహ్నం కాగితం మీద ఆ కూడిక చేయించాను. తన చీటీ వచ్చిన జాబితాలోని విలోమాలు ఒకటిని ఎంత దాటిపోయాయో చూసి, కూడిక తప్పిందేమోనని రెండుసార్లు మళ్ళీ మొదటినుండి కూడాడు.