దోమల బ్యాట్‌కు చార్జింగ్ ఎందుకు నిలవదు? అపోహలు – వాస్తవాలు

చివ్వెంల, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో వరి మడుల్లోను, మురికి కాల్వల్లోను నీరు నిలిచి ఉన్నంతకాలం సాయంత్రమైతే ఇంటింటా దోమల బ్యాట్ చేతికి వస్తుంది. తక్కువ ధర బ్యాట్లలో ఎక్కువ వాటికి పిడిలో 4 వోల్టుల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. స్కూటర్‌లో, ఇన్వర్టర్‌లో ఉండే బ్యాటరీ జాతే ఇది. లోపల 2 వోల్టుల సెల్లులు రెండు వరుసగా ఉంటాయి. దాని సామర్థ్యం సాధారణంగా 400 నుంచి 500 మిల్లీఆంపియర్ గంటలు. చార్జింగ్ నిలవకపోవడం, ఎర్ర లైటు వెలగకపోవడం అనే రెండు ఫిర్యాదుల చుట్టూ అల్లుకున్న అపోహలకు మూలం ఈ బ్యాటరీ స్వభావం తెలియకపోవడమే.

అపోహ 1: చార్జింగ్ పూర్తిగా అయిపోయాకే మళ్ళీ పెట్టాలి.

వాస్తవం: ఈ నియమం పాత నికెల్ కాడ్మియం సెల్లుల కాలం నాటిది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఇది హాని చేస్తుంది. బ్యాటరీ ఖాళీ అవుతున్నప్పుడు పలకల మీద సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే చార్జింగ్ పెడితే అది తిరిగి కరిగిపోతుంది. రోజుల తరబడి అలాగే వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, మళ్ళీ కరగకుండా పలకలను కప్పేస్తుంది. దీన్నే సల్ఫేషన్ అంటారు. కప్పు పడిన మేరకు బ్యాటరీ సామర్థ్యం తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది.

యాసంగి కోతలయ్యాక దోమలు తగ్గిన ఇళ్ళలో బ్యాట్‌ను ఖాళీగానే అటక మీద పడేసి, వానాకాలంలో తీస్తారు. ఆ మధ్య నెలల్లో ఈ ప్రాంతపు ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. రేకుల కప్పు కింద వేడి ఇంకా ఎక్కువ. బ్యాటరీ వాడకపోయినా తనంతట తాను కొంత ఖాళీ అవుతుంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు రెట్టింపవుతుంది. అందుకే ఎక్కువ బ్యాట్లు పాడయ్యేది వాడకంలో కాదు, మూలన పడి ఉన్నప్పుడు. లోపల పెట్టే ముందు పూర్తిగా చార్జింగ్ చేసి, పక్కనున్న స్విచ్ ఆఫ్ చేసి, నీడపట్టున ఉంచాలి. నెలకోసారి మళ్ళీ చార్జింగ్ ఇవ్వాలి.

అపోహ 2: ఎంత ఎక్కువసేపు పెడితే అంత బాగా ఎక్కుతుంది.

వాస్తవం: చౌక బ్యాట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న చార్జర్ ఉండదు. 230 వోల్టుల కరెంటు ఒక కెపాసిటర్ గుండా, నాలుగు డయోడ్ల గుండా నేరుగా బ్యాటరీకి చేరుతుంది. ఆ కెపాసిటర్ 0.68 మైక్రోఫారడ్‌ది అయితే బ్యాటరీకి అందేది సుమారు 45 మిల్లీఆంపియర్లు. 400 మిల్లీఆంపియర్ గంటల బ్యాటరీ నిండటానికి, నష్టాలు కలుపుకుంటే, సుమారు 10 గంటలు పడుతుంది. కాబట్టి గంటసేపు పెట్టి తీస్తే ఎక్కేది పదో వంతే. నిండాక ఆపే ఏర్పాటు ఇలాంటి బ్యాట్లలో ఉండదు. రోజంతా ప్లగ్‌లో వదిలేస్తే అదే కరెంటు లోపలి నీటిని విడగొట్టి వాయువుగా పంపుతుంది, బ్యాటరీ ఎండిపోతుంది. తెలిసిన సమయానికి పెట్టి, తెలిసిన సమయానికి తీయడమే మార్గం.

అపోహ 3: ఎర్ర లైటు వెలిగితే ఎక్కుతున్నట్టు, ఆరితే నిండినట్టు.

వాస్తవం: టైప్ సి సాకెట్, లిథియం బ్యాటరీ ఉన్న కొత్త బ్యాట్లలో బ్యాటరీ నిండాక లైటు ఆరడమో, రంగు మారడమో ఉంటుంది. గోడ ప్లగ్‌కు నేరుగా పెట్టే పాత రకంలో మాత్రం ఆ లైటు కరెంటు వస్తోందని చెబుతుందంతే. బ్యాటరీ ఎంత నిండిందో, అసలు పట్టుకుంటోందో లేదో చెప్పదు. సల్ఫేషన్ పట్టిన బ్యాటరీ మీద కూడా లైటు నిండుగా వెలుగుతుంది.

అపోహ 4: లైటు వెలగకపోతే లైటే పోయింది, అది మారిస్తే చాలు.

వాస్తవం: లైటు ఆరిపోవడానికి దారులు నాలుగు. పిడి నుంచి బయటికి జరిగే ప్లగ్ పిన్నులు లోపల సరిగా తగలకపోవడం మొదటిది. కెపాసిటర్ గానీ, దాని వరుసలోని రెసిస్టర్ గానీ పోవడం రెండోది. బ్యాటరీలో సెల్లులు షార్ట్ అయి, ఎర్ర లైటు వెలగడానికి కావలసిన 1.8 వోల్టులు కూడా నిలవకపోవడం మూడోది. నాలుగోది, లైటు నిజంగానే మాడిపోవడం.

అయితే మాడటానికి కూడా తరచు బ్యాటరీయే కారణం. బ్యాటరీ ఎండిపోయినా, దాని తీగ ఊడినా, కెపాసిటర్ పంపే కరెంటుకు వేరే దారి ఉండదు. అదంతా లైటు మీదే పడుతుంది. సుమారు 20 మిల్లీఆంపియర్లకు తయారైన చిన్న లైటు దాన్ని ఎక్కువకాలం తట్టుకోలేదు. పాత బ్యాటరీని అలాగే ఉంచి లైటు మాత్రమే మారిస్తే కొత్తదీ మాడిపోతుంది.

తేడా తెలుసుకోవడానికి మల్టీమీటర్ చాలు. ఉదాహరణకు, లైటు వెలగని ఒక బ్యాట్ బ్యాటరీ 3.9 వోల్టులు చూపిందనుకుందాం. బ్యాట్‌ను మూసేసి 10 గంటలు చార్జింగ్ పెట్టి, ప్లగ్ తీసి, గంట ఆగి మళ్ళీ కొలవాలి. 3.9 దగ్గరే ఉంటే కరెంటు అసలు చేరడం లేదు, పిన్నులు, కెపాసిటర్ చూడాలి. 4.2 దాటితే చార్జింగ్ దారి బాగుంది. అప్పుడు జాలీకి చేయి తగలకుండా బటన్ నొక్కి చూడాలి. 3.9 దగ్గర నిలిస్తే బ్యాటరీ కూడా మంచిదే, లైటు ఒక్కటే పోయింది. 3 కంటే కిందికి జారితే పైకి నిండినట్టు కనిపించినా బ్యాటరీ ముసలిదైంది. ఎంత చార్జింగ్ పెట్టినా కనిపించేది 2 వోల్టులే అయితే ఒక సెల్లు చచ్చిపోయినట్టే.

ప్లగ్‌లో ఉండగా బ్యాట్ విప్పకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ లేనందున లోపలి ప్రతి తీగ మీద, బ్యాటరీ కొనల మీద కూడా ఇంటి కరెంటు ఉంటుంది. ప్లగ్ తీశాక కూడా ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూ డ్రైవర్‌తో జాలీ పొరలను కలిపి, మిగిలిన చార్జిని పోగొట్టాకే పని మొదలుపెట్టాలి.

అపోహ 5: 4 వోల్టులకు దగ్గరగా ఉన్న ఏ బ్యాటరీ అయినా సరిపోతుంది.

వాస్తవం: పాత మొబైల్, పవర్ బ్యాంకు లిథియం సెల్లుల మీద 3.7 వోల్టులని ఉండటంతో వాటిని బిగించేవారున్నారు. లిథియం సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఆగాలి. లెడ్ యాసిడ్ బ్యాట్‌లోని చార్జింగ్ సర్క్యూట్ ఆగదు, 4.8 దాకా పోతుంది. సెల్లు ఉబ్బుతుంది, నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది. అదే రకం, అదే వోల్టేజీ, పిడిలో పట్టే అదే కొలత గల లెడ్ యాసిడ్ బ్యాటరీనే వేయాలి. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు.

తీసేసిన బ్యాటరీలో సీసం, ఆమ్లం ఉంటాయి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం దాన్ని ఇంటి చెత్తలో కలపకూడదు, వేరుగా సేకరణకు ఇవ్వాలి. ముసలిదైన బ్యాటరీని ఏ చిట్కా తిరిగి కొత్తది చేయదు. ఖాళీగా వదలకుండా ఉంచితే మాత్రం అది త్వరగా ముసలిది కాదు.