నానమ్మ తొడ మీద మచ్చ దెబ్బ వల్ల కాదు

మా నానమ్మకి 74 ఏళ్లు. గుండె లయ తప్పుతోందని, లోపల రక్తం గడ్డకట్టకుండా మూడేళ్లుగా అసెనోకౌమరాల్ అనే మాత్ర వేసుకుంటోంది. ఆ మధ్య గడపకి తగిలి మోకాలి కింద కమిలింది. ఆఫీసులో లాగ్స్ చూసే అలవాటు కొద్దీ రోజుకో ఫొటో తీసి పెట్టుకున్నా. తర్వాత అవే పనికొచ్చాయి.

దెబ్బ తగిలినప్పుడు చర్మం కింద సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం బయటికి ఊరుతుంది. మొదట ఎర్రగా కనిపిస్తుంది. ఆ రక్తంలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ, ఒకటి రెండు రోజుల్లో ఊదా, నీలం, నలుపుకి తిరుగుతుంది. ఈలోగా శరీరం ఆ రక్తాన్ని శుభ్రం చేసే పనిలో పడుతుంది. హిమోగ్లోబిన్ విరిగి బైలివెర్డిన్ అయితే ఆకుపచ్చ, అది బిలిరుబిన్‌గా మారితే పసుపు. కామెర్లలో కళ్లు పచ్చబడేది కూడా ఈ బిలిరుబిన్‌తోనే. చివర్లో మిగిలే గోధుమరంగు ఇనుముది. మామూలు దెబ్బయితే దాదాపు రెండు వారాల్లో అంతా పోతుంది. నానమ్మ మోకాలి ఫొటోలు అచ్చం ఈ వరుసలోనే ఉన్నాయి.

అలాగని రంగు చూసి ‘ఇది ఫలానా రోజు తగిలిన దెబ్బ’ అని చెప్పేయలేం. ఒకే మచ్చలో మూడు రంగులు ఉండొచ్చు. చామనఛాయ, నల్లటి ఒంటి మీద ఆకుపచ్చ, పసుపు సరిగా కనిపించవు కూడా. మచ్చ జారుతుంది కూడా. నుదుటికి తగిలితే మర్నాడు కంటి కింద నల్లబడటం అందుకే.

నెల తర్వాత నానమ్మ తొడ మీద అరచేయంత నీలి మచ్చ కనిపించింది. ఎక్కడా తగల్లేదంది. పెద్దవాళ్లకి ముంజేతుల మీద ఊదా మచ్చలు రావడం మామూలే. వయసుతో చర్మం పలచబడి, చిన్న రాపిడికే నాళాలు చిట్లుతాయి. ఆ మచ్చలు ఆకుపచ్చకి, పసుపుకి తిరక్కుండానే గోధుమరంగులోకి వెళ్లి మాసిపోతుంటాయి. నేనూ అదే అనుకున్నా. కానీ ఇది తొడ. పాత ఫొటోల్లో మచ్చ చిన్నబడుతూ వచ్చింది, ఇదేమో మర్నాటికి ఇంకా పెద్దదైంది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని అప్పుడు చెప్పింది మహాతల్లి!

డాక్టర్ మచ్చ చూసి మొదట అడిగింది, “ఈమధ్య కొత్తగా ఏ మాత్రలు వేసుకున్నారమ్మా?” అని. విరేచనాలని మెడికల్ షాపులో అడిగి అయిదు రోజులు మెట్రోనిడజోల్ వాడిందట. అది ఒంట్లో అసెనోకౌమరాల్ ప్రభావాన్ని పెంచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయిస్తే 6.2 వచ్చింది. తనకి 2 నుంచి 3 మధ్య ఉండాలి. రెండు డోసులు ఆపించి, కొద్దిగా విటమిన్ కె ఇచ్చి, మూడో రోజు మళ్లీ చూస్తే 2.8. ఇందులో ఏదీ ఇంట్లో మనంతట మనం చేసేది కాదు, మాత్ర ఉన్నట్టుండి ఆపేస్తే గడ్డకట్టే ప్రమాదం ఉంది. మోకాళ్ల నొప్పికి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కూడా ఇలాంటి మాత్రల మీద రక్తస్రావం పెంచుతాయి. ఇంకో మాట కూడా చెప్పారు: ఈ మాత్ర వాడేవాళ్లు తల తగిలేలా పడితే, పైకి మచ్చ లేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లోపల రక్తం నెమ్మదిగా ఊరొచ్చు.

పిల్లల సంగతి అడిగితే, “ఎక్కడుందో చూడు” అన్నారు. నడిచే పిల్లలకి మోకాళ్ల మీద, ముంగాళ్ల మీద, నుదుటి మీద కమలకపోతేనే వింత. అదే చెవి, మెడ, పొట్ట, వీపు, పిరుదుల మీదైతే కారణం తెలియాలి. ఎవరైనా కొట్టారేమో అని కూడా అడగాల్సిందే, అది మనింట్లోవాళ్లయినా సరే. ఇంకా బోర్లాపడని పసిపాపకి చిన్న మచ్చ వచ్చినా చూపించాలి. పుట్టినప్పటి నుంచీ నడుము కింద ఉండే నీలి మచ్చ వేరు. అది రోజులు గడిచినా రంగు మారదు, నొప్పీ ఉండదు.

గుండుసూది తలంత ఎర్ర చుక్కలు గుంపుగా వస్తే గాజు గ్లాసుతో నొక్కి చూడండి. రంగు పోకపోతే అది చర్మంలోకి ఊరిన రక్తమే. వైరల్ జ్వరం తగ్గిన ఒకటి రెండు వారాలకి పిల్లల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి ఇలా అవుతుంటుంది. పిల్లాడు హుషారుగా ఆడుకుంటున్నా అదే రోజు సీబీపీ చేయించాలి. చుక్కలతో పాటు జ్వరం ఉంటే, లేదా ముక్కు నుంచి రక్తం ఆగకపోతే, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకే. పాలిపోవడం, బరువు తగ్గడం, మెడలో గడ్డలు తోడైతే రక్తపరీక్షని వాయిదా వేయొద్దు.

నానమ్మ తొడ మీది మచ్చ మూడు వారాలకి మాసింది. ఇప్పుడు తన మందుల చీటీ ఫొటో నా ఫోన్‌లో పిన్ చేసి ఉంది. మెడికల్ షాపుకి ఎవరెళ్లినా ముందు నాకే వాట్సాప్.